ఘాట్ దిగి బండి ఆపాక పెడల్ ఎందుకు కిందికి పోతుంది? బ్రేక్ ఆయిల్‌లో చేరే తేమ చేసే పని

కొరాపుట్, సునాబెడ, సెమిలిగుడలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు సుంకి ఘాట్ కొత్త కాదు. పెళ్లికైనా, ఆస్పత్రి పనికైనా, పండక్కి ఊరెళ్లాలన్నా చాలామంది పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగి విజయనగరం వైపు వెళ్తారు. కొరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. సాలూరుకు చేరేసరికి అందులో 700 మీటర్లకు పైగా దిగిపోతాం. ఈ దారి గురించి మాట్లాడుకునేటప్పుడు 'బ్రేకులు ఫెయిలయ్యాయి' అన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. ఆ ఒక్క మాట కింద నాలుగైదు రకాల లోపాలను కలిపి చెప్పేస్తుంటారు.

వాటిలో ఒకటి మాత్రం చాలామందిని తికమక పెడుతుంది. ఘాట్ దిగినంతసేపూ బ్రేకులు బాగానే పనిచేస్తాయి. కింద టీ కొట్టు దగ్గర బండి ఆపుతారు. కాసేపటికి బయల్దేరి బ్రేక్ నొక్కితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది. రెండు మూడుసార్లు గబగబా తొక్కితే కొంచెం పట్టు దొరుకుతుంది. మెకానిక్ వచ్చి చూసే వేళకి పెడల్ మళ్లీ మామూలుగా ఉంటుంది. లీకు లేదు, ఆయిల్ లెవెల్ సరిగ్గా ఉంది, ప్యాడ్లు బాగున్నాయి. 'మీకు అలా అనిపించి ఉంటుంది బాబూ' అని ఆయన వెళ్లిపోతాడు.

అది అనిపించడం కాదు. లైన్‌లో ఉన్న బ్రేక్ ఆయిల్ కాసేపు మరిగింది, తర్వాత చల్లారింది. కొత్త ఆయిల్ అయితే ఆ వేడికి మరిగి ఉండేది కాదు. ఏళ్ల తరబడి గాలిలోని తేమను పీల్చుకున్న ఆయిల్ కాబట్టి మరిగింది. ఇది ఎలా జరుగుతుందో మొదటి నుంచి చూద్దాం.

కాలి బలం చక్రం దాకా ఎలా వెళ్తుంది

కారు, జీపు, బొలెరో లాంటి బళ్లలో బ్రేక్ పెడల్‌కూ చక్రానికీ మధ్య ఇనుప కడ్డీ ఏదీ ఉండదు. పెడల్ నొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ ముందుకు జరిగి ద్రవాన్ని తోస్తుంది. ఆ ద్రవం సన్నని స్టీలు పైపుల్లోంచి, చక్రం దగ్గర రబ్బరు హోస్‌లోంచి వెళ్లి కాలిపర్‌లోని పిస్టన్‌ను నెడుతుంది. పిస్టన్ ప్యాడ్‌ను చక్రంతో పాటు తిరిగే డిస్క్‌కు అదుముతుంది. వెనక చక్రాలకు డ్రమ్ బ్రేకులుంటే అక్కడ కాలిపర్ బదులు వీల్ సిలిండర్ ఉంటుంది. పని మాత్రం అదే.

ఈ ఏర్పాటు మొత్తం ఒక్క గుణం మీద నిలబడి ఉంది. ద్రవాన్ని ఎంత నొక్కినా దాని పరిమాణం దాదాపుగా తగ్గదు. అందుకే ఇక్కడ తోసిన ద్రవం అక్కడ అంతే జరుగుతుంది. జరిగే ద్రవం కూడా ఎక్కువేమీ కాదు. మామూలు కారులో పెడల్‌ను చివరిదాకా నొక్కినా మాస్టర్ సిలిండర్ తోసే ద్రవం సుమారు 10 మిల్లీలీటర్లే, అంటే రెండు టీస్పూన్లు. ప్యాడ్లకూ డిస్క్‌కూ మధ్య ఉండే ఖాళీ వెంట్రుకవాసి కాబట్టి ఆ కాస్త ద్రవం చాలు.

వాయువు అలా కాదు, నొక్కితే నలుగుతుంది. లైన్‌లో ఎక్కడైనా గాలి గానీ ఆవిరి గానీ చేరితే, కాలు తోసిన ఆ రెండు టీస్పూన్ల కదలిక దాన్ని నలపడానికే ఖర్చయిపోతుంది. ప్యాడ్ దగ్గరికి చేరే ఒత్తిడి ఏమీ మిగలదు.

ఇక్కడే ఒక తేడా చెప్పుకోవాలి. ఘాట్‌లో మన ముందు వెళ్లే పెద్ద లారీలకు, బస్సులకు ఎయిర్ బ్రేకులు ఉంటాయి. వాటి లైన్లలో ఉండేది కంప్రెసర్ నింపిన గాలి, ఆయిల్ కాదు. డ్రమ్ములు కాలి వాటి బ్రేకులు పట్టు కోల్పోవచ్చు. కానీ ఈ వ్యాసంలో చెప్పే ఆయిల్ మరగడం వాటికి వర్తించదు.

నీటిని పీల్చే 'ఆయిల్'

షాపులో బ్రేక్ ఆయిల్ అనే అడుగుతాం గానీ, డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 డబ్బాల్లో ఉండేది ఇంజిన్ ఆయిల్ లాంటి పెట్రోలియం నూనె కాదు. గ్లైకాల్ ఈథర్ అనే రకం రసాయనాల మిశ్రమం. డాట్ 4లోనూ 5.1లోనూ బోరేట్ ఎస్టర్లు కూడా కలుపుతారు. వీటికి నీళ్లంటే ఇష్టం. నూనె నీటి మీద తేలుతుంది, ఇవి నీటిని తమలో కరిగించుకుంటాయి.

ఇంత ముఖ్యమైన చోట నీటిని పీల్చే ద్రవాన్ని ఎందుకు వాడుతున్నారని ఎవరికైనా సందేహం వస్తుంది. నీటిని పీల్చని ద్రవం కూడా ఉంది. డాట్ 5 పేరుతో అమ్మేది సిలికోన్. అంకె దగ్గరదే అయినా దీనికీ డాట్ 5.1కీ సంబంధం లేదు, ఒకదానితో ఒకటి కలపకూడదు. సిలికోన్‌లో నీరు కరగదు. కానీ ఎలాగోలా లోపలికి చేరిన నీరు విడిగా చుక్కలుగానే ఉండి, బరువు కాబట్టి అట్టడుగుకు, అంటే వేడి ఎక్కువగా ఉండే కాలిపర్‌లోకి దిగుతుంది. అక్కడ అది శుద్ధమైన నీటిలాగే 100 డిగ్రీలకు మరుగుతుంది, పిస్టన్‌ను ఒకేచోట తుప్పు పట్టిస్తుంది. గ్లైకాల్ రకం అయితే అదే నీటిని మొత్తం ద్రవంలో పలచగా పంచేస్తుంది. కాబట్టి నీటిని కరిగించుకోవడం ఈ ద్రవంలో ఉన్న లోపం మాత్రమే కాదు, కొంతవరకు రక్షణ కూడా. సిలికోన్‌లో గాలి బుడగలు సులువుగా చిక్కుకుంటాయి కాబట్టి, గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బళ్లకు అది నప్పదు. మామూలు కార్లలో దాన్ని వాడకపోవడానికి ఈ కారణాలన్నీ ఉన్నాయి.

మూత బిగించి ఉన్న వ్యవస్థలోకి తేమ ఎక్కడినుంచి వస్తుందన్నది తర్వాతి ప్రశ్న. బానెట్ కింద కనిపించే ప్లాస్టిక్ రిజర్వాయర్‌కు గాలి ఆడే ఏర్పాటు తప్పనిసరి. ప్యాడ్లు అరిగేకొద్దీ ద్రవం కాలిపర్లలోకి దిగుతుంది, ఆ ఖాళీలోకి గాలి రావాలి. ఆ గాలితో తేమ వస్తుంది. అంతకన్నా చాలామందికి తట్టని దారి చక్రాల దగ్గరి రబ్బరు హోస్‌లు. రబ్బరు ఆయిల్‌ను బయటికి పోనివ్వదు గానీ, నీటి ఆవిరి అణువులు దాని గోడ గుండా మెల్లగా లోపలికి చొరబడతాయి. లోపల నీటిని గుంజుకునే ద్రవం ఉండటంతో ఆ ప్రయాణం ఒకవైపుకే సాగుతుంది. హోస్ ఎక్కడా పగలకపోయినా, ఒక్క చుక్క కారకపోయినా ఇది జరుగుతూనే ఉంటుంది.

ఎంత వేగంగా అంటే, సాధారణంగా చెప్పే లెక్క ఏడాదికి ఒకటి నుంచి రెండు శాతం. హోస్ రబ్బరు రకం, ఊరి వాతావరణం, బండి వయసు బట్టి ఇది బాగా మారుతుంది. ఏడాదికి దాదాపు 1500 మిల్లీమీటర్ల వాన పడే కొరాపుట్ లాంటి చోట, జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇంట్లో ఉప్పు డబ్బానే నీరుకారుతుంటే, ఆయిల్‌కు అందే తేమకు కొదవేమీ ఉండదు.

డబ్బా మీది అంకె, లైన్‌లోని అంకె

డాట్ అంకెలు అమెరికా రవాణా శాఖ ప్రమాణం నుంచి వచ్చాయి. ఆ ప్రమాణం ఒక్కో రకానికి రెండు మరిగే స్థానాలు నిర్దేశిస్తుంది. సీల్ అప్పుడే తీసిన పొడి ద్రవానికి ఒకటి, తేమ పట్టిన ద్రవానికి ఇంకొకటి. పొడిగా ఉన్నప్పుడు డాట్ 3 కనీసం 205, డాట్ 4 కనీసం 230, డాట్ 5.1 కనీసం 260 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ కనీస అంకెలు వరసగా 140, 155, 180 డిగ్రీలకు దిగిపోతాయి. ఇక్కడ తేమ పట్టిన ద్రవం అంటే దాదాపు 3.7 శాతం నీరు చేరినది. సీసాల మీద కొందరు తయారీదారులు పొడి అంకెనే పెద్దక్షరాల్లో వేస్తారు. రెండోది వెతికితే గానీ దొరకదు.

3.7 శాతం అంటే లీటరులో 37 మిల్లీలీటర్ల నీరు. అంత కొంచెం నీటికే డాట్ 4 మరిగే స్థానం 75 డిగ్రీలు పడిపోవచ్చు. పైగా ఈ పతనం నిటారుగా మొదలై తర్వాత నెమ్మదిస్తుంది. మొదటి ఒకటి రెండు శాతం నీరు చేసే నష్టం, ఆ తర్వాత చేరే రెండు శాతం చేసే నష్టం కన్నా ఎక్కువ. ఆయిల్ మార్చిన మొదటి రెండేళ్లలోనే పెద్ద తేడా వచ్చేస్తుంది. నాలుగో ఏటికి, ఆరో ఏటికి మధ్య తేడా అంతగా ఉండదు. 'ఆరేళ్లుగా మార్చలేదు, ఏమీ కాలేదు' అని చెప్పేవాళ్ల అనుభవం అబద్ధం కాదు. వాళ్ల బండిలోని ద్రవం చాలాకాలంగా ఆ తక్కువ అంకె దగ్గరే ఉంది, దాన్ని ఆ అంకె దాకా వేడెక్కించే దిగుడు మాత్రం వాళ్లకు ఎదురుకాలేదు.

బరంపురంలోనో బొబ్బిలిలోనో చదును రోడ్ల మీద తిరిగే బండిలో కాలిపర్ దగ్గరి ద్రవం 150 డిగ్రీలకు చేరే అవకాశం చాలా తక్కువ. అక్కడ పాత ఆయిల్ కూడా నెట్టుకొస్తుంది. అదే బండి పెళ్లివారిని ఎక్కించుకుని ఘాట్ దిగితే సంగతి వేరు.

ఒక దిగుడు లెక్క

లెక్క సులువుగా ఉండటానికి ఒక నమూనా తీసుకుందాం. మనుషులు, సామానుతో కలిపి బండి బరువు 2,000 కిలోలు. ఘాట్‌లో బాగా వాలుగా ఉన్న ముక్క 8 కిలోమీటర్లు, ఆ ముక్కలో దిగే ఎత్తు 400 మీటర్లు, వేగం గంటకు 35 కిలోమీటర్లు.

ఎత్తు దిగుతున్నప్పుడు బండి వదిలించుకోవాల్సిన శక్తి అంటే బరువు, గురుత్వం, ఎత్తుల లబ్ధం. 2,000ను 9.8తోనూ 400తోనూ గుణిస్తే సుమారు 78 లక్షల జౌళ్లు వస్తాయి. ఇందులో టైర్ల రాపిడి, ఎదురుగాలి కలిపి దాదాపు మూడో వంతు తీసుకుంటాయి. మిగిలినది సుమారు 52 లక్షల జౌళ్లు. 16 లీటర్ల చన్నీళ్లను మరిగే దాకా కాచడానికి సరిపోయే వేడి అది. బండి న్యూట్రల్‌లో ఉంటే ఆ వేడి మొత్తం పావుగంట లోపే బ్రేకుల్లోకి వెళ్లాలి, పోవడానికి దానికి వేరే చోటు లేదు.

బ్రేకుల పనిలో సుమారు 70 శాతం ముందు చక్రాలదే. ఒక్కో ముందు డిస్క్‌కు 18 లక్షల జౌళ్లు వస్తాయి. డిస్క్ 7 కిలోల పోత ఇనుము అనుకుంటే, గాలి ఏమాత్రం చల్లార్చకపోతే దాని వేడి 500 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. నిజానికి గాలి అందులో చాలా భాగం తీసుకుపోతుంది కాబట్టి అంతదాకా వెళ్లదు. సగం తీసుకుపోయిందనుకున్నా డిస్క్ 250 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి ప్యాడ్ గుండా, పిస్టన్ గుండా దాని వెనకే ఉన్న ద్రవంలోకి మెల్లగా పాకుతుంది.

అదే వాలును సెకండ్ గేర్‌లో దిగితే ఇంజిన్ తన లోపలి రాపిడితో, గాలిని పీల్చి నొక్కే శ్రమతో ఆ శక్తిలో ఎక్కువ భాగాన్ని తానే మింగేస్తుంది. బ్రేకులకు మిగిలేది కొద్దిపాటి సర్దుబాటు. డీజిల్ ఆదా అని న్యూట్రల్‌లో దిగే అలవాటు మన వైపు ఇంకా పోలేదు. ఇంజెక్షన్ ఇంజిన్‌లో గేర్ వేసి యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిల్ సరఫరానే ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనైతే ఇంజిన్ ఐడిల్‌లో తిరగడానికి కాస్త తాగుతూనే ఉంటుంది. అంటే ఆ ఆదా కూడా నిజం కాదు.

బండి ఆగాకే ఎందుకు?

ఇప్పుడు అసలు చిక్కు. వేడి పుట్టింది దిగుతున్నప్పుడు, పెడల్ మెత్తబడింది టీ తాగి బయల్దేరాక. దీనికి రెండు కారణాలు కలుస్తాయి.

మొదటిది ఒత్తిడి. ఏ ద్రవమైనా ఒత్తిడిలో ఉంటే మరగడానికి ఎక్కువ వేడి కావాలి. ప్రెషర్ కుక్కర్‌లో జరిగేది అదే, కాకపోతే కుక్కర్‌లో ఒత్తిడి వాతావరణ ఒత్తిడికి రెట్టింపు దగ్గర ఉంటే, బ్రేక్ నొక్కినప్పుడు లైన్‌లో ఒత్తిడి వాతావరణ ఒత్తిడికి పది, ఇరవై రెట్లకు, గట్టిగా నొక్కితే ఇంకా పైకి వెళ్తుంది. పది రెట్ల ఒత్తిడిలో మంచినీళ్లే 180 డిగ్రీల దాకా మరగవు. కాబట్టి కాలు పెడల్ మీద ఉన్నంతసేపూ, వేడెక్కిన ద్రవం మరగకుండా నిలబడుతుంది. కాలు తీసిన మరుక్షణం లైన్‌లో ఒత్తిడి మామూలుకు వచ్చేస్తుంది. అప్పటికే 160 డిగ్రీల దగ్గర ఉన్న పాత డాట్ 4, తన మరిగే స్థానం 155 అయితే, అక్కడికక్కడే బుడగలు కడుతుంది. తర్వాతిసారి నొక్కేదాకా డ్రైవర్‌కు ఆ సంగతి తెలియదు.

రెండోది వేడి ఆలస్యంగా చేరడం. బండి కదులుతున్నంతసేపూ డిస్క్, కాలిపర్ల మీద గాలి వీస్తూ ఉంటుంది. ఆగగానే ఆ గాలి ఆగిపోతుంది. 250 డిగ్రీలున్న డిస్క్ తన వేడిని ఇప్పుడు పక్కనే ఉన్న కాలిపర్‌లోకి పంపుతుంది. అందుకే కాలిపర్‌లోని ద్రవం అత్యంత వేడిగా ఉండే సమయం చివరి మలుపు కాదు, ఆగిన తర్వాతి కొన్ని నిమిషాలు. డిస్క్ చల్లబడుతూ ఉంటుంది, ద్రవం వేడెక్కుతూ ఉంటుంది. సరిగ్గా ఆ సమయానికే టీ గ్లాసు ఖాళీ అవుతుంది.

ఆవిరి ఎంత కావాలన్నదీ చూద్దాం. ఒక మిల్లీలీటరు నీరు ఆవిరైతే మామూలు ఒత్తిడిలో ఒకటిన్నర లీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. మిల్లీలీటరులో నూరో వంతు, అంటే సూదిమొన మీద నిలిచేంత నీరు ఆవిరైనా 16 మిల్లీలీటర్ల బుడగ అవుతుంది. ఆ బుడగ తన చోటుకోసం అంతే ద్రవాన్ని వెనక్కి, రిజర్వాయర్‌లోకి నెట్టేస్తుంది. పెడల్ పూర్తి ప్రయాణంలో తోయగలిగేది 10 మిల్లీలీటర్లేనని పైన చూశాం. కాలిపర్‌లో 20 మిల్లీలీటర్ల ద్రవం ఉండి, అందులో 3 శాతం నీరుంటే మొత్తం 0.6 మిల్లీలీటర్ల నీరుంటుంది. అందులో అరవయ్యో వంతు ఆవిరైతే చాలు.

గబగబా పెడల్ కొడితే పట్టు దొరకడానికీ ఇదే కారణం. ఒక్కో దెబ్బకు మాస్టర్ సిలిండర్ రిజర్వాయర్ నుంచి ఇంకొంచెం ద్రవాన్ని తీసుకుని లైన్‌లోకి పంపుతుంది, బుడగ నలిగి ఒత్తిడి పెరుగుతుంది. వేడి మరీ ఎక్కువగా ఉంటే అదీ సరిపోదు.

మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాలకు రెండు వేర్వేరు లైన్లు వెళ్తాయి కదా, ఒకటి పోయినా రెండోది పనిచేయదా అని అడగవచ్చు. ఆ ఏర్పాటు ఉన్నది ఒక పైపు పగిలినప్పటి కోసం. చాలా చిన్న కార్లలో ఒక్కో లైన్‌కు ఒక ముందు చక్రం, దాని ఎదురు మూలన ఉన్న వెనక చక్రం వస్తాయి. ఘాట్‌లో రెండు ముందు చక్రాలూ ఒకేలా కాలతాయి. ఆవిరి రెండు లైన్లలోనూ ఒకేసారి పుట్టవచ్చు.

పెడల్ గట్టిగా ఉందా, మెత్తగా ఉందా

ఘాట్‌లో బ్రేక్ పట్టు తగ్గడం అన్నిసార్లూ ఆయిల్ వల్లే కాదు. ప్యాడ్లు గానీ డ్రమ్‌లోని లైనింగ్ గానీ మితిమీరి వేడెక్కితే వాటి రాపిడి గుణమే తగ్గిపోతుంది. అప్పుడు పెడల్ ఎత్తుగా, గట్టిగానే ఉంటుంది. ఎంత బలంగా తొక్కినా బండి మాత్రం ఆగదు, కాలిన వాసన వస్తుంది. లైన్‌లో ఒత్తిడి ఉంది, అవతల పట్టుకునే చోట జారిపోతోంది అన్నమాట. ఇది కొత్త ఆయిల్ పోసిన బండికీ వస్తుంది.

ఆయిల్ మరిగినప్పుడు తీరు దీనికి పూర్తిగా వేరు. పెడల్ మెత్తగా, స్పాంజిలా కిందికి పోతుంది, ప్యాడ్‌ను నొక్కే ఒత్తిడే పుట్టదు. మొదటిది దిగుతున్నప్పుడే, కొంచెం కొంచెంగా తెలుస్తూ వస్తుంది. రెండోది తరచుగా కాలు తీసి మళ్లీ పెట్టినప్పుడు, ముందస్తు సూచన లేకుండా వస్తుంది. డ్రైవర్ చెప్పేదాంట్లో మెకానిక్ అడిగి తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. పెడల్ ఎప్పుడూ మెత్తగానే, చల్లగా ఉన్నప్పుడు కూడా అలాగే ఉంటే అది వేరే జబ్బు. లైన్‌లో గాలి చిక్కి ఉండవచ్చు, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు అరిగి ఉండవచ్చు. ఆవిరి చల్లారితే మళ్లీ ద్రవంలో కలిసిపోతుంది, గాలి కలవదు.

రెండేళ్ల గడువు: ఎవరి మాట ఎంతవరకు నిజం

చాలా కార్ల కంపెనీలు బ్రేక్ ఆయిల్‌ను రెండేళ్లకోసారి మార్చమంటాయి, కొన్ని మూడేళ్లంటాయి. కొన్ని దేశాల్లో కొన్ని కంపెనీలు గడువే చెప్పకుండా తనిఖీ చేయమని వదిలేస్తాయి. ఇది చూసి 'ఈ రెండేళ్ల గోలంతా సర్వీసు సెంటర్ల వ్యాపారం' అనేవాళ్లు ఉన్నారు. వాళ్ల వాదనలో పస లేకపోలేదు. ఇప్పటి హోస్‌ల రబ్బరు పాతవాటికన్నా తేమను తక్కువగా రానిస్తుంది. చదును నేల మీద తిరిగే బండికి 155 డిగ్రీల హద్దు కూడా ఎక్కువే. ద్రవం పాడైందో లేదో చూడకుండా క్యాలెండర్ చూసి మార్చడం కొన్ని బళ్లకు దుబారా అవుతుంది.

ఎదుటి పక్షం చెప్పేది కూడా గట్టిదే. ఎవరి బండి ఎప్పుడు ఘాట్ ఎక్కుతుందో కంపెనీకి తెలియదు. అందరికీ ఒకే గడువు పెట్టాలంటే కష్టమైన వాడకాన్ని దృష్టిలో పెట్టుకోవాలి. పైగా నీరు చేసే నష్టం ద్రవం మరిగే స్థానాన్ని తగ్గించడంతోనే ఆగదు. ద్రవంలో కలిపిన తుప్పు నిరోధకాలు కూడా కాలంతో ఖర్చయిపోతాయి. ఆ తర్వాత దెబ్బతినేది కాలిపర్ పిస్టన్లు, ఏబీఎస్ యూనిట్‌లోని సన్నని వాల్వులు. ఏబీఎస్ యూనిట్ ధరతో పోలిస్తే సీసా ఆయిల్ ఖర్చు లెక్కలోకి రాదు.

నాకు తోచినంతవరకు ఈ వాదన తేలాల్సింది క్యాలెండర్ దగ్గర కాదు, రోడ్డు దగ్గర. కొరాపుట్, జయపురం, రాయగడ వైపు బళ్లకు తేమా ఎక్కువే, దిగుళ్లూ ఎక్కువే. ఈ రెండూ కలిసిన చోట రెండేళ్ల మాటను వ్యాపారమని కొట్టిపారేయడం కష్టం.

రంగు చూసి, పెన్ను పెట్టి తెలుస్తుందా

'రంగు బాగానే ఉంది' అన్నది గ్యారేజీల్లో ఎక్కువగా వినిపించే తీర్పు. కొత్త ఆయిల్ లేత పసుపు రంగులో ఉంటుంది. వేడికి, రబ్బరు అరుగుదలకు, లోహపు రజనుకు అది ముదురుతుంది. కానీ నీటికి రంగు లేదు. మూడు శాతం నీరున్న ద్రవం కూడా తేటగా కనిపించవచ్చు. నల్లబడిన ఆయిల్ పాతదని చెప్పొచ్చు గానీ, తేటగా ఉన్నది పొడిదని చెప్పలేం.

పెన్ను ఆకారంలో, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు లైట్లు వెలిగే టెస్టర్లు ఇప్పుడు చిన్న గ్యారేజీల్లోనూ కనిపిస్తున్నాయి. ఇవి నీటిని నేరుగా కొలవవు. ద్రవంలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి, దాన్నిబట్టి నీటి శాతాన్ని అంచనా వేస్తాయి. ఒక్కో కంపెనీ ఆయిల్ కలపడం ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి ఈ అంచనా అటూ ఇటూ అవుతుంది. ఎరుపు వెలిగితే పట్టించుకోవాల్సిందే, ఆకుపచ్చ వెలిగితే మాత్రం పూర్తి భరోసా లేదు. నమూనా ద్రవాన్ని నిజంగా వేడిచేసి మరిగే స్థానం చూపించే పరికరాలూ ఉన్నాయి. నమ్మదగినవి అవే, కానీ ధర ఎక్కువ కాబట్టి పెద్ద వర్క్‌షాపుల్లోనే దొరుకుతాయి.

ఏ పరికరం వాడినా ఇంకో ఇబ్బంది ఉంది. ఇంజిన్ ఆయిల్ లాగా బ్రేక్ ఆయిల్ తిరగదు. పెడల్ నొక్కితే కొంచెం ముందుకు, వదిలితే అంతే వెనక్కి కదులుతుంది. రిజర్వాయర్‌లోని ద్రవం, కాలిపర్‌లోని ద్రవం ఏళ్ల తరబడి ఎక్కడివక్కడే ఉండిపోతాయి. మనం పరీక్షించేది పైనున్నదాన్ని, మరిగేది కిందున్నది. తేమ చొరబడే హోస్ కూడా కాలిపర్ పక్కనే ఉంది. అందుకే లెవెల్ తగ్గిందని పైన కొత్త ఆయిల్ టాప్ అప్ చేస్తే రిజర్వాయర్ తళతళలాడుతుంది, కాలిపర్‌లో పాతది పాతగానే ఉంటుంది. ఆయిల్ మార్చడమంటే నాలుగు చక్రాల దగ్గరా ద్రవం బయటికి వదిలే నిప్పిల్ వదులు చేసి, కొత్త ద్రవం కనిపించేదాకా పాతదాన్ని బయటికి తోయడమే.

అలా పోసే కొత్త ద్రవం కూడా సీల్ తీసేదాకానే కొత్తది. వానాకాలంలో గ్యారేజీ షెల్ఫ్ మీద, సగం ఖాళీ అయి, మూత వదులుగా పెట్టిన సీసాలోకి పైనున్న ఖాళీలోని తడి గాలి నుంచి నీరు చేరుతూనే ఉంటుంది. దాని లేబుల్ మీద 230 డిగ్రీలు అని అచ్చయి ఉన్నా, కిందటి నెలలో మూత తీసిన ఆ సీసాలోని ద్రవానికి ఆ అంకె ఇక వర్తించదు.